సైగల భాషలో ‘బాగున్నావా?’ అని ముఖంతో అడగడం

రెండు అరచేతులు జోడిస్తే నమస్కారం. అవే చేతులు జోడించి, కనుబొమ్మలు ముడిచి, పెదవి విరిచి, తల కాస్త పక్కకు వాల్చి చూడండి. అప్పుడది ‘నీకో దండంరా బాబూ, ఇక వదిలెయ్’ అవుతుంది. రెండుసార్లూ చేతుల్లో వెంట్రుకవాసి తేడా లేదు. మారిందల్లా ముఖమే. అయినా ఎదుటివాళ్లు మొదటిదాన్ని మర్యాదగా, రెండోదాన్ని విసుగుగా క్షణంలో పట్టేస్తారు.

వినికిడి ఉన్నవాళ్లకు ఇది మాటకు తోడుగా వచ్చే హావభావం మాత్రమే. ముఖంలో ఏమీ పలకకపోయినా గొంతు ఆ పని చేసిపెడుతుంది. బధిరుల సైగల భాషలో అలా కాదు. అక్కడ ముఖం కూడా భాషలో భాగమే. ఒక వాక్యం ప్రశ్నా, మామూలు మాటా అన్నది చాలాసార్లు కనుబొమ్మలను, తలను బట్టే తేలుతుంది. పలకరింపుల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పలకరింపు అంటే రెండు మూడు సైగలే, వాటిలో కూడా ఒకటి రెండు ప్రశ్నలే. ముఖం తప్పితే పలకరింపు మొత్తం తప్పిపోతుంది.

ఇక్కడ చెప్పుకునేది ప్రధానంగా భారతీయ సైగల భాష గురించి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని బధిరులు వాడేది ఈ భాషే. అక్కడక్కడా అమెరికా సైగల భాష ప్రస్తావన కూడా వస్తుంది. దానికి ఒక కారణం ఉంది. యూట్యూబ్ చూసి సైగలు నేర్చుకునే మనవాళ్లలో చాలామందికి ముందుగా దొరికేవి అమెరికా వీడియోలే. ఈ రెండూ వేర్వేరు భాషలు. అక్షరాలు చూపించే పద్ధతి కూడా వేరు. అమెరికాలో ఒంటి చేత్తో చూపిస్తారు, మన దగ్గర రెండు చేతులతో.

చూపు ఎక్కడ ఉంటుంది

సైగలతో మాట్లాడుకునే ఇద్దరిని దూరం నుంచి గమనిస్తే, వాళ్లు ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారని అనిపిస్తుంది. నిజానికి వాళ్ల చూపు ఎదుటివాళ్ల ముఖం మీద ఉంటుంది. చేతుల కదలికలను కంటిచూపు అంచులతోనే పట్టుకుంటారు. మన కంటికి చూపు మధ్యలో ఉండే కొద్దిపాటి మేర మాత్రమే చాలా స్పష్టంగా కనిపిస్తుంది. అంచుల్లో కదలిక తెలుస్తుంది కానీ సూక్ష్మమైన వివరాలు అంత బాగా తెలియవు. ముఖానికి దగ్గరగా చేసే సైగల్లో వేళ్ల తేడాలు సన్నగా, ముఖానికి దూరంగా, ఛాతీ దగ్గర చేసే సైగలు కాస్త పెద్దగా ఉండే ధోరణిని పరిశోధకులు 1970లలోనే అమెరికా సైగల భాషలో గుర్తించారు. చూపు ఎక్కడ ఉంటుందో దాన్ని బట్టే భాష కూడా తనను తాను సర్దుకుందన్నమాట.

అందుకే పలకరింపు చేతులు లేపడంతో మొదలు కాదు. ముందు ఎదుటి మనిషి చూపు మన మీదకు రావాలి. దగ్గరలో ఉంటే భుజం మీద వేళ్లతో రెండుసార్లు తేలిగ్గా తడతారు. ఎదురుగా ఉంటే వాళ్ల చూపు పరిధిలో చెయ్యి ఊపుతారు. బల్ల దగ్గర కూర్చుంటే బల్ల మీద తడతారు, ఆ అదురు చేతికి తెలుస్తుంది. గది నిండా మనుషులుంటే లైటు ఒకసారి ఆర్పి మళ్లీ వెలిగిస్తారు. చూపు కలిశాకే నమస్కారం. వెనక నుంచి పట్టి గుంజడం, ముఖం ముందు చెయ్యి ఆడించడం బధిరులకు కూడా చిరాకే.

మన పెంపకంలోని ఒక అలవాటు ఇక్కడ అడ్డం వస్తుంది. పెద్దవాళ్ల ముందు తల దించుకోవడం మనకు మర్యాద. సైగల భాషలో తల దించుకుంటే వినడం మానేసినట్టే. మాట మధ్యలో చూపు తిప్పేస్తే, ఫోన్లో మాట్లాడుతుండగా లైన్ కట్ చేసినంత పని. పెద్దాయనకు నమస్కరించేటప్పుడు తల వంచడంలో తప్పేమీ లేదు. వంచిన తల వెంటనే లేచి, చూపు మళ్లీ ఆయన ముఖం మీద నిలవాలి. అలాగే వేలితో చూపించడం మనకు అమర్యాద. అక్కడ ‘నువ్వు’ అనే మాటే ఎదుటివాళ్ల వైపు వేలు చూపడం. అది చేయకుండా పలకరింపు ముందుకు సాగదు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ మాటల మధ్య ఉండే దూరాన్ని అక్కడ వొంగిన భుజం, నెమ్మదించిన కదలిక, ముఖంలోని వినయం చూపిస్తాయి.

చేతుల పని ఎంత

పలకరింపుల్లో వాడే సైగలు తక్కువే, నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పట్టదు. నమస్కారానికి చేతులు జోడించడం. సమవయస్కుల మధ్య అయితే చెయ్యి ఊపడం చాలు. ‘మంచి’ లేదా ‘బాగు’ అనడానికి బొటనవేలు పైకి. ‘చెడు’ అనడానికి చిటికెన వేలు. శుభోదయం చెప్పాలంటే బొటనవేలితో ‘మంచి’ చూపి, ఆ తర్వాత ‘ఉదయం’ చూపుతారు. ముడుచుకున్న వేళ్లు పైకి విచ్చుకుంటూ వెలుగు పరుచుకున్నట్టు చూపడం దానికి ఒక పద్ధతి. కృతజ్ఞతలకు చాచిన అరచేతి వేళ్లను గడ్డానికి ఆనించి ఎదుటివాళ్ల వైపు తీసుకొస్తారు. ‘ఉదయం’ లాంటి మాటలకు ఊరినీ బడినీ బట్టి వేరే రూపాలుంటాయి, ఒకే ఊళ్లో రెండు రూపాలు కనిపించినా ఆశ్చర్యం లేదు.

1970లలో ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరుల్లో బధిరుల సైగలను పోల్చి చూసిన పరిశోధకులు, ఇవి ఒకదానికొకటి దగ్గరి సంబంధమున్న రూపాలేనని తేల్చారు. తర్వాత ఉల్రికె జేషన్ అనే భాషాశాస్త్రవేత్త భారత్, పాకిస్తాన్‌లలోని సైగల వ్యాకరణాన్ని పరిశీలించారు. సైగలు ఊరికో రకంగా మారినా వ్యాకరణం చాలావరకు ఒకేలా ఉందని ఆమె పని చెబుతుంది. ఆ వ్యాకరణంలో పెద్ద వాటా ముఖానిది. కాబట్టి హైదరాబాదులో నేర్చుకున్న ‘ఉదయం’ సైగ ఢిల్లీలో ఎవరికైనా కొత్తగా అనిపించవచ్చు కానీ, ప్రశ్న అడిగే ముఖం మాత్రం అక్కడా అర్థమవుతుంది.

‘బాగున్నావు’, ‘బాగున్నావా’

ఇక అసలు విషయానికి వద్దాం. ఎదుటివాళ్ల వైపు వేలు చూపి, బొటనవేలు పైకెత్తితే, వరుసలో వచ్చిన సైగలు రెండే: ‘నువ్వు’, ‘బాగు’. తెలుగులో అయితే ‘బాగున్నావు’ అనే మాటను ‘బాగున్నావా’ అని దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది. సైగల్లో ఆ దీర్ఘాన్ని తీసేది ముఖం.

మామూలు మాటగా చెప్పాలంటే కనుబొమ్మలు ఉన్నచోటే ఉంటాయి, తల చిన్నగా ఊగుతుంది, బొటనవేలు చూపిన చెయ్యి వెంటనే కిందికి దిగిపోతుంది. ‘నువ్వు బాగున్నావు’ అని చెప్పినట్టు, దాదాపు మెచ్చుకున్నట్టు.

ప్రశ్నగా అడగాలంటే మూడు నాలుగు పనులు కలిసి జరుగుతాయి. కనుబొమ్మలు పైకి లేస్తాయి. కళ్లు కాస్త పెద్దవవుతాయి. తల, దానితో పాటు ఒక్కోసారి నడుము పైభాగం కూడా, ఎదుటివాళ్ల వైపు ముందుకు వస్తుంది. చివరి సైగ, అంటే బొటనవేలు, గాలిలో అలాగే నిలబడిపోతుంది. జవాబు మొదలయ్యే దాకా అది దిగదు. చూపు ఎదుటివాళ్ల కళ్లను వదలదు. అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నలన్నిటికీ ముఖం ఇలాగే ఉంటుంది. ‘తిన్నావా’, ‘ఇల్లు ఇక్కడేనా’, ‘వెళ్దామా’ అన్నీ ఇందులోకే వస్తాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇందులోని సమయం దగ్గర. రెండు సైగలూ చేసేసి, ‘అయ్యో, కనుబొమ్మలు ఎత్తాలి కదా’ అని గుర్తొచ్చి అప్పుడు ఎత్తుతారు. అప్పటికే వాక్యం అయిపోయింది. ఎదుటివాళ్లకు అది ప్రశ్నలా కాక, తాము అన్న మాటకు తామే ఆశ్చర్యపోయినట్టు కనిపిస్తుంది. కనుబొమ్మలు ‘నువ్వు’తోనే లేవాలి, ‘బాగు’ ముగిసేదాకా ఉండాలి. చేతులు, ముఖం ఒకేసారి వాక్యంలోకి దిగి, ఒకేసారి బయటికి రావాలి.

ఇంకో తప్పు దీనికి ఎదురుదిక్కులో ఉంటుంది. చూపు కలిసిన క్షణం నుంచి వీడ్కోలు దాకా కనుబొమ్మలు ఎత్తిన చోటే ఉంచేస్తారు. ఉత్సాహం ఎక్కువై ఇలా జరుగుతుంది. ‘శుభోదయం’ కూడా ప్రశ్నలా తయారవుతుంది. అసలు ప్రశ్న వచ్చేసరికి లేపడానికి కనుబొమ్మలకు ఇక చోటుండదు. ప్రశ్న కనిపించాలంటే అంతకు ముందు ముఖం మామూలుగా ఉండి ఉండాలి.

గడ్డం పైకెత్తే ప్రశ్న

‘నీ పేరేంటి’ అన్నది వేరే రకం ప్రశ్న. దీనికి అవును, కాదు అని జవాబు చెప్పలేం. భారతీయ సైగల భాషలో ఈ ప్రశ్న వరుస ‘నీ’, ‘పేరు’, ‘ఏంటి’. ప్రశ్న చూపే సైగ వాక్యం చివర వస్తుంది. ‘ఏమిటి’, ‘ఎవరు’, ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’లకు వేర్వేరు సైగలు లేకుండా ఒకే ప్రశ్న సైగతో పని జరిగే పద్ధతిని జేషన్ వర్ణించారు. ముఖాన్ని సూచించి ఆ సైగ చేస్తే ‘ఎవరు’. చోటును సూచించి చేస్తే ‘ఎక్కడ’.

ఇక్కడ ముఖం ఏం చేస్తుందన్నది ముఖ్యం. భారతీయ సైగల భాష మీద వచ్చిన పరిశోధనల్లో, ఈ రకం ప్రశ్నకు కనుబొమ్మలు పైకి లేచి, గడ్డం ఎత్తినట్టు తల వెనక్కి వాలుతుందని రాశారు. అంటే రెండు రకాల ప్రశ్నల్లోనూ కనుబొమ్మలు లేస్తాయి. తేడా చూపేది తల. ‘బాగున్నావా’కు తల ముందుకు వస్తుంది, ‘పేరేంటి’కి గడ్డం పైకి పోతుంది.

అమెరికా సైగల భాషలో దారి వేరు. అక్కడ అవును-కాదు ప్రశ్నకు కనుబొమ్మలు లేస్తాయి. ‘ఏమిటి’, ‘ఎలా’, ‘ఎందుకు’ అనే ప్రశ్నలకు కనుబొమ్మలు కిందికి దిగి ముడుచుకుంటాయి. అమెరికావాళ్ల ‘ఎలా ఉన్నావు’ పలకరింపులో ‘ఎలా’ ఉంది కాబట్టి దాన్ని కనుబొమ్మలు ముడిచి అడుగుతారు. ఆ వీడియోలు చూసి నేర్చుకున్న మనిషి అదే ముడుచుకున్న కనుబొమ్మలతో ఇక్కడి బధిరుణ్ణి ‘నీ పేరేంటి’ అని అడిగితే, సైగలు సరిగ్గానే ఉన్నా ముఖం గద్దించినట్టు ఉంటుంది. పోలీస్ స్టేషన్లో పేరు అడిగినట్టు! ఎదుటివాళ్లకు ప్రశ్న అర్థం కావచ్చు. కానీ మొదటి పలకరింపులోనే ఈయనకు ఏదో కోపంగా ఉందన్న అనుమానం పడుతుంది.

విచిత్రమేంటంటే, మనకు ఈ ముఖం కొత్తగా నేర్పాల్సిన పనే లేదు. వీధికి అవతల నిలబడ్డ తెలిసినవాణ్ణి అరవకుండా ‘ఏంటి సంగతి’ అని అడగాలంటే తెలుగువాళ్లు ఏం చేస్తారు? గడ్డం ఒక్కసారి పైకి విసిరి, కనుబొమ్మలు ఎగరేస్తారు. అరచెయ్యి కూడా తిప్పుతారు. దేశంలో చాలాచోట్ల వినికిడి ఉన్నవాళ్లు వాడే సైగే ఇది. బధిరుల భాషలోకి వచ్చేసరికి అది వ్యాకరణంగా స్థిరపడి, వాక్యంలో తన చోటు, తన సమయం ఏర్పరచుకుంది. ఇంటి సరుకును వదిలేసి అమెరికా ముఖం తెచ్చుకోవడం మనవాళ్ల అనవసర శ్రమ. అయితే ఒక జాగ్రత్త అవసరం. వీధిలో గడ్డం ఎగరేయడం ఒక విసురు. సైగల వాక్యంలో అది ‘ఏంటి’ సైగ ఉన్నంతసేపూ నిలిచి ఉండాలి. విసిరి వదిలేస్తే దబాయింపు అయిపోతుంది.

భావం వేరు, వ్యాకరణం వేరు

కనుబొమ్మలు ఎత్తడం ఆశ్చర్యానికి కూడా గుర్తే. ముడవడం కోపానికీ గుర్తే. మరి ఎదుటివాళ్లకు ఇది ప్రశ్నా, ఆశ్చర్యమా అన్నది ఎలా తెలుస్తుంది? చూసే కంటికి ఆ తేడా అంచుల్లో దొరుకుతుంది. వ్యాకరణం కోసం మారే ముఖం వాక్యంతో పాటు టక్కున మొదలై టక్కున ఆగుతుంది. భావంతో మారే ముఖం నెమ్మదిగా పొంగి, నెమ్మదిగా తగ్గుతుంది. అది వాక్యం ముందూ వెనకా కూడా ఉంటుంది. కోపంగా ఉన్న మనిషి ముఖంలో కోపం మాట అయిపోయాక కూడా పోదు. ప్రశ్న మాత్రం జవాబు రాగానే ముఖం మీద నుంచి మాయమవుతుంది.

ఇవి రెండూ వేర్వేరు విషయాలని చెప్పడానికి ఆధారాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. ఒకటి మెదడు వైపు నుంచి. మెదడులో ఒక పక్క దెబ్బతిన్న సైగల భాషీయులను అమెరికాలో పరిశీలించినప్పుడు, కుడి వైపు దెబ్బతిన్నవాళ్లలో భావాలు చూపే ముఖకవళికలు తగ్గినా వ్యాకరణానికి సంబంధించినవి మిగిలాయి. ఎడమ వైపు దెబ్బతిన్నవాళ్లలో దీనికి తలకిందులైన తీరు కనిపించింది. అదే ముఖం, అవే కండరాలు. నడిపించే చోట్లు మాత్రం వేరు.

రెండోది పసిపిల్లల వైపు నుంచి. బధిర తల్లిదండ్రులకు పుట్టిన బధిర పిల్లలు ఏడాది వయసుకే ‘వద్దు’ అని తల అడ్డంగా ఊపుతారు, మన పిల్లల్లాగే. తర్వాత చేతులతో ‘వద్దు’, ‘లేదు’ అనే సైగలు వస్తాయి. అప్పుడు తల కూడా దానితో ఊగాలి కదా, తల ఊపడం ఎప్పుడో వచ్చేసింది కాబట్టి. కానీ మొదట్లో ఆ సైగలు తల ఊపకుండానే వస్తాయి! కొంతకాలానికి గానీ తల మళ్లీ చేతులతో జత కలవదు. ప్రశ్నలు కూడా అంతే. చేతి సైగ ముందు వస్తుంది, దానికి తగ్గ ముఖం తర్వాత. పిల్లలు ముఖాన్ని భావంగా వాడటం మానలేదు. భాషగా మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నారంతే. పెద్దయ్యాక సైగలు నేర్చుకునేవాళ్లు ముఖం దగ్గర తడబడితే, అది సిగ్గు వల్లే అనుకోవడం తొందరపాటు. అదొక వ్యాకరణ పాఠం, దానికి దాని సమయం పడుతుంది.

భావం, వ్యాకరణం రెండూ ఒకే కనుబొమ్మల మీద కలిసి పడినప్పుడే తమాషా. స్నేహితుడి ముఖం వాడిపోయి ఉంది. ‘బాగున్నావా’ అని అడగాలి. ప్రశ్నకు కనుబొమ్మలు లేవాలి. ఆందోళన వాటిని దగ్గరికి లాగుతుంది. అప్పుడు ముఖంలో కనిపించేది రెండింటి కలయిక. కనుబొమ్మలు లేస్తాయి, లేస్తూనే వాటి లోపలి అంచులు దగ్గరవుతాయి, నుదురు మధ్య ముడత పడుతుంది. తల ముందుకు రావడంతో పాటు కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. బొటనవేలు మెల్లగా లేస్తుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. వేగంగా, కళ్లు విప్పార్చి అడిగిన ‘బాగున్నావా’కు ‘బాగున్నా’ అనే జవాబు వస్తుంది. ఇలా అడిగినదానికి అసలు సంగతి బయటికి వస్తుంది.

అమెరికా సైగల భాషలో ఈ పోటీని 2008లో ఒక పరిశోధకురాలు కనుబొమ్మల ఎత్తును కొలిచి చూశారు. కోపంలో కనుబొమ్మలు మొత్తం మీద కిందికి దిగుతాయి. అయినా అదే కోపంలో చెప్పిన మామూలు మాటతో పోలిస్తే, అవును-కాదు ప్రశ్నలో అవి పైనే ఉన్నాయి. తెలుగులో కోపంగా ‘వచ్చావా?’ అన్నా, ప్రేమగా ‘వచ్చావా?’ అన్నా గొంతు మారుతుంది కానీ ప్రశ్న పోదు. అలాంటిదే ఇది. నెదర్లాండ్స్ సైగల భాషలో చేసిన పనిలో మాత్రం ఒక్కోసారి భావమే గెలిచి, ప్రశ్నకు ఉండాల్సిన కనుబొమ్మల తీరు చెదిరిపోవడం కూడా కనిపించింది. అలాంటప్పుడు ప్రశ్నను కాపాడేవి తల కదలిక, నిలిచి ఉన్న చెయ్యి, వదలని చూపు. ఒక గుర్తు పోతే ఇంకోటి ఆదుకునేలా ఇన్ని గుర్తులు ఉండటం ఇలాంటి చోటే పనికొస్తుంది.

‘చాలా’ అనే మాట ముఖంలో

సైగల్లో ‘చాలా థాంక్స్’ చెప్పడానికి ‘చాలా’ అనే సైగ వేరుగా చేర్చాల్సిన పని లేదు. గడ్డం నుంచి అరచేయి కదలిక కాస్త పెద్దదవుతుంది, నెమ్మదిస్తుంది, కళ్లు కొద్దిగా చిన్నవవుతాయి, తల ముందుకు వంగుతుంది. బస్సులో చోటిచ్చిన మనిషికి చెప్పే థాంక్స్‌లో చెయ్యి అడుగు దూరం కూడా కదలదు, ముఖంలో చిన్న నవ్వు చాలు. ఆస్పత్రిలో రాత్రంతా తోడున్న బంధువుకు చెప్పేది అలా ఉండదు. ఈ రెంటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో చూడండి. పెద్ద సాయానికి చిన్న కదలిక, ఖాళీ ముఖం తోడైతే, ‘సర్లే, థాంక్స్’ అని మొహాన కొట్టినట్టు ఉంటుంది. చిన్న సాయానికి అంత పెద్ద ముఖం పెడితే వెటకారంలా తోస్తుంది.

వెటకారం కూడా ఇలాగే పుడుతుంది. ‘మంచిది’ అని బొటనవేలు ఎత్తుతూ, పెదవులు బిగించి, కళ్లు సగం మూసి, తల నెమ్మదిగా ఊపితే, అది మెచ్చుకోలు కాదని బధిర పిల్లవాడికి కూడా తెలుసు. చేతులు ఒకటి చెబుతూ ముఖం ఇంకోటి చెప్పినప్పుడు నమ్మేది ముఖాన్నే. సైగలు సరిగ్గా చేసి ముఖాన్ని ఖాళీగా ఉంచేవాళ్లు తెలియకుండానే ఈ గోతిలో పడతారు. ఖాళీ ముఖానికి కూడా అర్థం ఉంటుంది మరి. ఇష్టం లేదని, లేదా మనసు ఇక్కడ లేదని.

తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది

బధిరులు మర్యాద కోసం చాలాసార్లు సరిదిద్దరు, అర్థం చేసుకుని సర్దుకుపోతారు. కాబట్టి వాళ్ల జవాబునే గమనించాలి. ‘బాగున్నావా’ అని అడిగాక ఎదుటి మనిషి తల ఊపి, ఇంకా ఏం చెబుతారో అని ఎదురు చూస్తుంటే, మీ ప్రశ్న మామూలు మాటగా వెళ్లిందన్నమాట. కనుబొమ్మలు లేవలేదు, లేదా చెయ్యి తొందరగా దించేశారు. ప్రశ్న అడుగుతూ తల కిందికీ పైకీ ఊపడం మనవాళ్లలో ఎక్కువ. అలా ఊపితే అది ‘బాగున్నావు కదా’ అవుతుంది, జవాబు ముందే తేల్చేసినట్టు. ‘పేరేంటి’ అని అడిగినప్పుడు ఎదుటివాళ్లు ఒక్క క్షణం వెనక్కి తగ్గి, ముఖం సీరియస్‌గా పెట్టి జవాబిస్తే కనుబొమ్మలు ముడిచారేమో చూసుకోవాలి.

కొన్ని తప్పులు ముఖానివి కాదు, ముఖం కనిపించకపోవడం వల్ల వచ్చేవి. నుదుటి మీద పడే జుట్టు, ముదురు రంగు కళ్లద్దాలు, వెనక కిటికీ నుంచి వచ్చే వెలుగు, ఇవన్నీ కనుబొమ్మలను మింగేస్తాయి. వీడియో కాల్‌లో చేతులు కనిపించాలని ఫోన్ దూరం జరిపి, తల సగం ఫ్రేమ్ బయట పెట్టేస్తారు. అప్పుడు మాటలన్నీ చేరతాయి, ఏది ప్రశ్నో తెలియదు. తల పైన కాస్త ఖాళీ ఉంచి, కింద నడుము దాకా కనిపించేలా పెట్టుకోవడం మేలు. కరోనా రోజుల్లో మాస్కులు ముఖంలో కింది సగాన్ని కప్పేశాయి. కనుబొమ్మలు బయటే ఉన్నాయి కాబట్టి ప్రశ్నలు ఎలాగో నిలిచాయి. నోటి ఆకారంతో తెలిసే ‘చాలా’, ‘కొంచెం’, వెటకారం మాత్రం పోయాయి. పారదర్శకమైన మాస్కుల కోసం బధిరులు అడిగింది అందుకే.

వినికిడితో పాటు చూపు కూడా లేనివాళ్లు సైగలను చేతిలో చెయ్యి పెట్టి తాకి తెలుసుకుంటారు. అక్కడ ముఖం అందదు కాబట్టి ప్రశ్నకు ఉన్న గుర్తు చేతుల్లోకే దిగాల్సి వస్తుంది. అమెరికాలో ఇలాంటివాళ్ల మాటల్లో, వాక్యం చివర అదనపు ప్రశ్న సైగో, చేతి ఒత్తిడిలోనో కదలికలోనో మార్పో ఈ పని చేస్తాయని గమనించారు.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇప్పుడు మన భాషలోనే వనరులు ఉన్నాయి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 మాటలతో వీడియో నిఘంటువు తెచ్చింది. 2021 నాటికి అది 10,000 మాటలకు చేరింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి, మాట లోపాలున్నవాళ్ల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అయితే నిఘంటువుకు ఒక పరిమితి ఉంది. అందులో ఒక్కో మాటను విడిగా చూపిస్తారు. ‘పేరు’ అనే మాటకు ముఖంలో ప్రశ్న ఉండదు కదా. నిఘంటువులోంచి ‘నువ్వు’, ‘బాగు’ తెచ్చి పక్కపక్కన పెడితే వచ్చేది ‘బాగున్నావు’ మాత్రమే. దాన్ని ప్రశ్నగా మార్చేది వాక్యాల వీడియోల్లో, అంతకంటే ఎక్కువగా బధిరుల ఎదుట కూర్చున్నప్పుడు దొరుకుతుంది.

సాధనకు ఒక చిన్న పరీక్ష ఉంది. సైగల భాష బాగా తెలిసిన ఒకరి ఎదుట కూర్చుని ‘నువ్వు, బాగు’ను పదిసార్లు చేయాలి. కొన్నిసార్లు మాటగా, కొన్నిసార్లు ప్రశ్నగా, ఏది ఎప్పుడన్నది ముందు చెప్పకుండా. ప్రశ్న అనిపించినప్పుడు మాత్రమే వాళ్లు జవాబివ్వాలి. ఎన్నిసార్లు జవాబు రావాల్సింది, ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చూసుకుంటే ముఖం ఎక్కడ తప్పుతోందో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఇదే ఆటను కోపంగా, బాధగా, నవ్వుతూ ఆడి చూడాలి. లెక్క తప్పడం అక్కడే మొదలవుతుంది.